పసువాడో

టోక్యోలో మా నిషికసాయి ఇంట్లో వైఫై పాస్‌వర్డ్ మార్చాల్సి వచ్చింది. కారణం మా బావమరిది. చుట్టం చూపుగా వచ్చి, పక్క ఫ్లాట్ కుర్రాడికి కూడా మా పాస్‌వర్డ్ దానం చేశాడు. అప్పటికి నేను ఆఫీసులో ఉన్నాను. రూటర్ పేజీ ఇంటి వైఫైలో ఉన్న ఫోన్‌కే తెరుచుకుంటుంది కాబట్టి, మా ఆవిడ దాన్ని తెరిచి స్క్రీన్‌షాట్ పంపింది. అంతా జపనీసే. మరో భాష ఎంచుకునే వీలు ఎందుకు పెట్టలేదో ఆ కంపెనీకే తెలియాలి.

నేను జపనీస్ పరీక్షలో మొదటి మెట్టు, ఎన్5 పాసైనవాణ్ణి. బొమ్మను రెండు వేళ్లతో సాగదీయగానే パスワード కనబడింది. కూడబలుక్కుని చదివాను: ప-సు-వా-డో. అంటే పాస్‌వర్డే. "పసువాడో!" అని ఆఫీసులోనే అరిచాను. పక్క సీటాయన తల తిప్పి చూశాడు. ఎవరో పసివాణ్ణి పిలుస్తున్నాననుకున్నాడేమో! "అదే, అక్కడ కొత్తది కొట్టి 設定 అనే బటన్ నొక్కు" అని ఫోన్లో దర్జాగా చెప్పాను.

నొక్కింది. పక్క కుర్రాడి సినిమా మాత్రం ఆగలేదు.

అప్పుడే అనుమానం రావాల్సింది. వైఫై పాస్‌వర్డ్ నిజంగా మారితే చేతిలో ఉన్న ఫోనే ముందు తెగిపోవాలి కదా! మార్చింది రూటర్ పేజీలోకి వెళ్లే తాళాన్ని. వైఫైది 暗号化キー అనే పేరుతో మరో పేజీలో కూర్చుంది. అంటే గుప్తీకరణ తాళంచెవి అట. ఇంట్లో వాడే పాస్‌వర్డుకి ఇంత గూఢచారి పేరు దేనికో! పైగా రూటర్ అడుగున స్టిక్కర్ మీద అదే మాట రెండేళ్లుగా ఉందని మా ఆవిడ అప్పుడు సెలవిచ్చింది.

సరే, అది మార్చమన్నాను. మార్చగానే కాల్ కట్ అయింది. వైఫై మీద నడుస్తున్న వాట్సాప్ కాల్ మరి! నేనే విసుక్కుని పెట్టేశానని ఆవిడ అలిగింది. ఆ తర్వాత మామూలు కాల్‌లో పది నిమిషాలు రూటర్ సంగతి కాదు, నా ప్రవర్తన సంగతి.

గెస్ట్ నెట్‌వర్క్ మాత్రం తేలిగ్గా తేలింది. ゲスト పక్కన 有効 అంటే ఆన్, 無効 అంటే ఆఫ్. బావమరిదిని అందులోకి తోశాం. అందులో ఉన్నవాళ్లు ఇంట్లోని మిగతా పరికరాలను చూడలేరు. దాంతో టీవీలో తన ఫోన్ వీడియో వేయలేక "మీ టీవీ పాడైంది బావా" అన్నాడు.

చివరగా ఆవిడ "ఇదేంటండీ, 更新 అంటోంది?" అంది. ఇమిగ్రేషన్ ఆఫీసు క్యూలో వీసా రెన్యువల్ కోసం నిలబడ్డవాడెవడూ మరిచిపోని మాట అది; రెన్యువల్ అన్నా అదే, అప్‌డేట్ అన్నా అదే. "అయ్యో, వీసా..." అనబోయి, ముందున్న ファームウェア చూసి తమాయించుకున్నాను. ఫర్మ్‌వేర్ అప్‌డేట్. నొక్కమన్నాను. "電源を切らないでください" అని వచ్చింది. కరెంటు తీయొద్దని అర్థం. ఎన్5తోనే చదివేశాను, గర్వంగా ఉంది.

"ఇంతకీ రూటర్ లైటు వెలుగుతోందా?" అని అడిగాను.

"లేదండీ. తమ్ముడు ఆ ప్లగ్గు తీసి ఫోన్ ఛార్జింగ్ పెట్టుకున్నాడు."