పేషెంట్ మారారు, నోట్ మాత్రం నిలకడగా ఉంది

వెంటిలేటర్ మీద ఉన్న పేషెంట్‌కి రోజూ రాసే ప్రోగ్రెస్ నోట్ పురాణం లాంటిదని నా అభిప్రాయం. మొదటిరోజు ఎవరో ఒకరు రాస్తారు, ఆ తర్వాత డ్యూటీకి వచ్చిన ప్రతివాళ్లూ కాపీ, పేస్ట్ అని పారాయణం చేసుకుంటూ పోతారు. ఒక్క తేదీ మాత్రం మారుస్తారు, అదీ గుర్తుంటే.

ఉదాహరణకి మా ఐసీయూలో ఒక ఆరో రోజు నోట్ తీసుకుందాం. న్యుమోనియా ముదిరి, ఊపిరితిత్తులు వాచి నీరు చేరే ఏఆర్‌డీఎస్‌లోకి దిగిన ఆవిడ, ఎత్తు 155 సెంటీమీటర్లు, బరువు 80 కిలోలు. నోట్ మొదటి వాక్యం: "కొత్త ఫిర్యాదులు ఏమీ లేవు." గొంతులో ట్యూబు, నరంలోకి మత్తుమందు, కళ్లు మూతలు పడి ఉంటే ఫిర్యాదులు ఎక్కడినుంచి వస్తాయి? రెండో వాక్యం ఇంకా గొప్పది: "జీసీఎస్ 15." జీసీఎస్ అంటే స్పృహకి వేసే మార్కులు, 15 వస్తే పూర్తి మార్కులు. అంటే కళ్లు వాటంతట అవే తెరవడమే కాదు, తేదీ, చోటు సరిగ్గా చెప్పి మాటల గడిలో 5కి 5 తెచ్చుకున్నారన్నమాట. ట్యూబు ఉన్నవాళ్లకి ఆ గడిలో అంకె ఉండదు, 'టీ' అని రాస్తారు. ఈ 15 ఎమర్జెన్సీలో ట్యూబు వేయకముందు రాసింది, అప్పట్నుంచీ చెక్కుచెదరలేదు.

ఇక సమస్యల వారీ ప్లాన్‌కి వద్దాం. సమస్య 1, శ్వాస వైఫల్యం. "టైడల్ వాల్యూమ్ 480, కిలోకి 6 ఎంఎల్ చొప్పున." టైడల్ వాల్యూమ్ అంటే ఒక్కో శ్వాసకి మెషిన్ పంపే గాలి. 80ని 6తో గుణిస్తే 480, ఎక్కాల్లో తప్పు పట్టలేం. చిక్కల్లా మనిషి లావెక్కితే ఊపిరితిత్తులు లావెక్కవు. అందుకే ఈ లెక్కకి కాటా మీది బరువు కాదు, ఎత్తునుంచి కట్టే బరువు తీసుకోవాలి. ఆడవాళ్లకైతే ఎత్తు సెంటీమీటర్లలోంచి 152.4 తీసేసి, మిగిలినదాన్ని 0.91తో గుణించి, 45.5 కలపాలి. ఆవిడకి సుమారు 48 కిలోలు వస్తుంది, దానికి 6 చొప్పున 290 ఎంఎల్. అంటే 480 పెట్టినప్పుడు ఆవిడకి అందింది కిలోకి 10. 2000లో వచ్చిన పెద్ద అధ్యయనంలో కిలోకి 12 ఇచ్చినవాళ్లలో సుమారు 40 శాతం మంది, 6 ఇచ్చినవాళ్లలో 31 శాతం మంది చనిపోయారు. మన 480 ఎటువైపుకి దగ్గరో మీరే చూసుకోండి.

మూడో రోజు రాత్రి ఎవరికో అనుమానం వచ్చి, గాలి లోపలికి వెళ్లాక మెషిన్‌ని అర సెకను ఆపి, అప్పుడు ఊపిరితిత్తుల్లో ఉండే ఒత్తిడి, అంటే ప్లేటో ప్రెషర్ చూశారు. 30 దాటకూడదు, అక్కడ 34 ఉంది. వాల్యూమ్ 290కి తగ్గించి, కార్బన్ డయాక్సైడ్ పేరుకోకుండా నిమిషానికి శ్వాసల రేటు 16 నుంచి 26కి పెంచారు. ప్రెషర్ 26కి దిగింది. ఇదంతా మెషిన్‌లో జరిగింది, నోట్‌లో కాదు. నోట్‌లో ఆవిడ ఇంకా 480 పీలుస్తూనే ఉన్నారు, యాంటీబయాటిక్ కూడా నాలుగు రోజులుగా మూడో రోజులోనే ఉంది.

ప్లాన్‌లో చివరి మాట: "తట్టుకున్నంతవరకు వెంటిలేటర్ తగ్గించండి." ఎవరు తగ్గించాలి? ఎప్పుడు? తట్టుకున్నారో లేదో ఎలా తెలుస్తుంది? పురాణంలో అలాంటివి అడగరు. ఆరో రోజుకి ఆవిడకి ఆక్సిజన్ 35 శాతం, ఊపిరి వదిలాక కూడా మెషిన్ నిలిపి ఉంచే ఒత్తిడి, అదే పీప్, 5 సరిపోతున్నాయి. మత్తుమందు మాత్రం రెండో రోజు వేగంతోనే ఎక్కుతోంది, గట్టిగా పిలిచినా పలకడం లేదు. మత్తులో ఉన్న మనిషి ఏం తట్టుకుని చూపిస్తారు చెప్పండి.

ఆ ఒక్క వాక్యం కొట్టేసి ఇలా రాశాం: ఉదయం 8కి మత్తు ఆపాలి, కళ్లు తెరిచి చెప్పిన మాట వింటే, మెషిన్ సాయం బాగా తగ్గించి 30 నిమిషాలు సొంతంగా పీల్చనివ్వాలి, రేటు 35 దాటినా, శాచురేషన్ 90 కంటే తగ్గినా, చెమటలు పట్టినా పాత సెట్టింగ్‌కి వెళ్లాలి, నెగ్గితే దగ్గు బలం చూసి ట్యూబు తీయాలి. ఇందులో గొప్ప వైద్యమేమీ లేదు, పక్కనున్న నర్సు అరుస్తూ ఎవరినీ వెతుక్కోనక్కర్లేకుండా చేసేయగలదు, అంతే. ఆవిడ రేటు 24, ఒక్కో శ్వాసకి 350 ఎంఎల్. ఊపిరి మరీ వేగంగా, పైపైనే ఆడుతోందేమో చూడటానికి 24ని 0.35 లీటర్లతో భాగిస్తే 69 లోపే, 105 దాటితేగా భయం. దగ్గు కూడా గట్టిగానే ఉంది. పదకొండున్నరకి ట్యూబు తీసేశాం.

ఏడో రోజు ఉదయం రౌండ్స్‌కి వెళ్లేసరికి ఆవిడ దిండుకి ఆనుకుని కూర్చుని, గొంతు మండుతోందనీ, మంచినీళ్లు ఇవ్వడం లేదనీ, రాత్రంతా అలారాలతో నిద్రలేదనీ బొంగురుగొంతుతో వరసపెట్టి చెప్తున్నారు. స్క్రీన్ మీద ఆ రోజు నోట్ అప్పటికే సిద్ధంగా ఉంది: వెంటిలేటర్ మీద ఉన్నారు, టైడల్ వాల్యూమ్ 480, కొత్త ఫిర్యాదులు ఏమీ లేవు.