పదకొండు సిల్లీ మిస్టేకులు

హన్మకొండలో ఆదివారం మధ్యాహ్నం ఒక కోచింగ్ సెంటర్ ఎదుట టీ కొట్టు దగ్గర నిలబడితే చాలు, తెలుగు వ్యాకరణంలో ఈ జిల్లా కుర్రాళ్లకు తెలియనిది ఏదీ లేదని తేలిపోతుంది. టెట్ కోసం వ్యాకరణం మాక్ టెస్టు అప్పుడే ముగిసింది. ముప్పై ప్రశ్నలు, ముప్పై నిమిషాలు. ఒకరికి పదిహేడు వచ్చాయి, ఒకరికి ఇరవై ఒకటి. అయితే ఆ అంకెలను ఎవరూ పట్టించుకోరు. అక్కడ ప్రతి మనిషికీ రెండు రకాల మార్కులుంటాయి. వచ్చినవి, రావలసినవి.

"సిల్లీ మిస్టేకులు తీసేస్తే నాకు ఇరవై తొమ్మిది" అంటాడు పదిహేడు వచ్చినవాడు. పక్కవాడు సానుభూతిగా తల ఊపి, తనవీ తీసేసి ముప్పైకి చేరుకుంటాడు. మూడోవాడు ఇంకో రెండు నిమిషాలు దొరికి ఉంటే తన కథే వేరని నిట్టూరుస్తాడు. అర్ధ గంటలో, నాలుగు రౌండ్ల టీలో, అక్కడి పదిహేను మందీ ముప్పైకి ముప్పై సాధిస్తారు. ఒకతను ఊళ్లో ఉన్న అమ్మకు ఫోను చేసి రావలసిన మార్కులే చెప్పాడు. అమ్మ సంతోషించింది. ఆ ఆనందంలో మిరపకాయ బజ్జీలు తెప్పించారు. కొట్టతను వాటిని అప్పుడే రాసిన ప్రశ్నపత్రాల్లోనే చుట్టి ఇచ్చాడు. ఎవరూ అడ్డు చెప్పలేదు. కీ చదివేశాక ఆ కాగితంతో ఇక పని ఏముంది?

ఆ బజ్జీల కాగితాల్లో ఒకటి మా మేనల్లుడిది. నూనె అంటింది, అక్షరాలు మాత్రం బతికే ఉన్నాయి. పంతొమ్మిది మార్కులు. పోయిన పదకొండూ ఏమిటని అడిగితే, "అన్నీ సిల్లీనే మామా, నాకు వచ్చినవే" అన్నాడు. వచ్చినవి పోవడం, రానివి పోకపోవడం ఎంత గొప్ప విద్యో అని ఆశ్చర్యపోయి కాగితాన్ని ఇంటికి తెచ్చుకున్నాను.

మరునాడు కీ దాచిపెట్టి, గడియారం తీసేసి, ఆ పదకొండు ప్రశ్నలే మళ్లీ ఇచ్చాను. షరతు ఒక్కటే. జవాబుతో పాటు కారణం నోటితో చెప్పాలి. తీరికగా కూర్చున్నా జవాబు తప్పితే, లేదా జవాబు కుదిరి కారణం చెప్పలేకపోతే, అది రాని ప్రశ్న. కారణంతో సహా కుదిరితే అది పరధ్యానమో, సమయం చాలకపోవడమో. ఆ రెండింటిలో ఏదన్నది ప్రశ్నపత్రమే చెబుతుంది.

మొదటి ప్రశ్న 'వాడు గొట్టె'. పరీక్షలో సరళాదేశ సంధి అని పెట్టాడు. మళ్లీ అదే పెట్టాడు. ఎందుకన్నాను. "క పోయి గ వచ్చింది కదా మామా" అన్నాడు. వచ్చింది, నిజమే. గసడదవాదేశంలోనూ క పోయి గ-నే వస్తుంది. పరుషాలు ఐదింటిలో క, ట, త అనే మూడూ ఈ రెండు సంధుల్లోనూ గ, డ, ద గానే మారతాయి. తేడా కనిపించేది చ, ప దగ్గరే. సరళాదేశంలో అవి జ, బ అవుతాయి, గసడదవాదేశంలో స, వ అవుతాయి. అందుకే 'అపుడు సనియె' దగ్గర స కనబడగానే సరిగ్గా పెట్టాడు. 'వాడు గొట్టె' దగ్గర ఆ గుర్తు లేదు. అక్కడ చూడవలసింది మారిన అక్షరాన్ని కాదు, దాని ముందున్న పదాన్ని. 'వాడు' ప్రథమా విభక్తి, కాబట్టి గసడదవాదేశం. 'పూచెను గలువలు'లో 'పూచెను' చివర ద్రుతమనే న-కారం ఉంది, అంటే అది ద్రుతప్రకృతికం, కాబట్టి సరళాదేశం. ఈ ఒక్క ముడి దగ్గరే అతనికి మూడు ప్రశ్నలు పోయాయి. సగం సార్లు సరిగ్గా వస్తుంది గనుక తనకు తెలుసనే అనుకుంటున్నాడు. అసలు తెలియనివాడికైనా అనుమానం ఉంటుంది, ఇతనికి అదీ లేదు. ఇవి కాక రానివి మరో రెండు బయటపడ్డాయి. వాటి గురించి అతనే వాదించలేదు.

సిల్లీ అన్న బిరుదుకు నిజంగా అర్హమైనవి రెండు. 'ద్విగు సమాసం కానిది' ఏదంటే నవరసాలు అని పెట్టాడు. మళ్లీ అడిగితే, ముక్కంటి అంటే మూడు కన్నులు కలవాడు, బహువ్రీహి అని క్షణంలో చెప్పాడు. 'కానిది' అన్న మాటను చదవలేదు, అంతే. రెండోదానికి పేపరు అంచున 'గుణ' అని రాసుకుని, జవాబు పత్రంలో యణాదేశానికి గుర్తు పెట్టాడు. పెన్సిలుతో 'కానిది' కింద గీత గీసుకుంటే, గుర్తు పెట్టేముందు అంచున రాసింది ఒకసారి చూసుకుంటే ఈ రెండూ పోవు.

ఇక చివరి నాలుగు, 27 నుంచి 30 దాకా. నాలుగింటికీ 'సి'. టెట్‌లో తప్పుకు మార్కుల కోత లేదు కనుక గుడ్డిగా పెట్టడం నేరం కాదు. తీరికగా అడిగితే మూడు చెప్పాడు, నాలుగోది అప్పుడూ రాలేదు. అంటే సమయం మింగినవి మూడే. ఆ సమయం ఎక్కడికి పోయింది? తొమ్మిదో ప్రశ్న దగ్గర, నూనె మరక కింద దొరికింది. పద్యపాదం ఇచ్చి ఏ వృత్తమో చెప్పమన్నారు. పాదమంతా గురులఘువులు గుర్తించి, చెరిపి, మళ్లీ గుర్తించి, ఉత్పలమాల అని సరిగ్గా పెట్టాడు. మూడు నిమిషాలు పట్టిందని అతనే ఒప్పుకున్నాడు. జవాబుల్లో ఉన్నవి ఉత్పలమాల, చంపకమాల, శార్దూలం, మత్తేభం. ఈ నాలుగే ఉన్నప్పుడు మొదటి మూడక్షరాలు చాలు. గురువు, రెండు లఘువులైతే ఉత్పలమాల. మూడూ లఘువులైతే చంపకమాల. మూడూ గురువులైతే శార్దూలం. రెండు లఘువులు, గురువైతే మత్తేభం. జాబితాలో ఇంకో వృత్తం కలిస్తే ఈ కిటుకు పనిచేయకపోవచ్చు. అంటే చివర పోయిన మూడు మార్కులకు దోషి, మార్కు తెచ్చిన తొమ్మిదో ప్రశ్న! తప్పులు మాత్రమే వెతికేవాడికి అది జన్మలో దొరకదు. వేగం లేకపోవడంలా కనిపించింది కూడా అడుగున తెలియకపోవడమే.

లెక్క తేలింది. రానివి ఆరు, సమయం తిన్నవి మూడు, సిల్లీ రెండు.

ఇంతకూ ఆ సెంటర్‌లో సారు చేసే సమీక్ష ఏమిటి? పది నిమిషాల్లో "ఒకటి బి, రెండు డి" అని కీ చదవడం, ర్యాంకుల కాగితం గోడకు అంటించడం, "మీకు విషయం ఉంది, స్పీడు లేదు" అని చెప్పి మూడు వేల రూపాయల స్పీడు బ్యాచ్‌కు పేర్లు రాసుకోవడం. గసడదవాదేశం తెలియనివాడికి స్పీడు నేర్పితే ఏమవుతుంది? అదే తప్పు తొందరగా చేస్తాడు. మా బావ ఎనుమాముల మార్కెట్‌కు పత్తి తెస్తే, తేమ 8 శాతం దాటిందా, 12 దాటిందా అని యంత్రం గుచ్చి చూసి, రంగు చూసి, పింజ లాగి చూసి, ప్రతి లోపానికీ విడిగా ధర కోస్తారు. ఆ కోతలన్నీ పోగా మిగిలిన డబ్బే ఈ సారు చేతికి వచ్చింది. తండ్రి పత్తిలో ఒక్క లోపాన్నీ వదలని ఊళ్లో, కొడుకు తప్పులను పదకొండింటినీ ఒకే బస్తాలో కుక్కి సిల్లీ అని మూతి కట్టి పంపిస్తారా? సిగ్గు లేదూ! ఆ పిల్లాడికి ఏది రాదో చెప్పడానికే కదా ఫీజు కట్టించుకున్నది?

సాయంత్రం అక్క ఫోను చేసింది. "తమ్ముడూ, వాడికి పదకొండు సిల్లీ మిస్టేకులు వచ్చాయట కదా, ఒకటే బెంగగా ఉంది" అంది.

"లేదక్కా, రెండే" అన్నాను.

"రెండేనా! హమ్మయ్య" అని, మిగతా తొమ్మిది సంగతి నేను చెప్పేలోపే, బావకు చెప్పడానికి ఫోను పెట్టేసింది.