వ్యాలిడేషన్ గీత ఎక్కడ మలుపు తిరిగింది?

“ట్రైనింగ్ ఎర్రర్ ఇంకా తగ్గుతూనే ఉంది కదా, మరి ట్రైనింగ్ ఎందుకు ఆపాలి?” అని అడుగుతుంటారు.

భీమవరం వైపు రొయ్యల చెరువుల్లో తెల్లవారుజామున ఆక్సిజన్ ఎంతకు పడిపోతుందో ముందే చెప్పే మోడల్ ఒకటి ఉందనుకోండి. 10వ ఎపాక్‌కి, అంటే ట్రైనింగ్ డేటా మొత్తాన్ని పదిసార్లు చూశాక, ట్రైనింగ్ ఎర్రర్ లీటరుకు 0.7 మిల్లీగ్రాములు, ట్రైనింగ్‌లో చూపించని డేటా మీది వ్యాలిడేషన్ ఎర్రర్ 0.8. వ్యాలిడేషన్ అన్నిటికంటే తక్కువున్నది ఇక్కడే అనుకోండి. 40వ ఎపాక్‌కి ట్రైనింగ్ 0.2కి దిగింది, వ్యాలిడేషన్ మాత్రం 1.3కి ఎక్కింది. అంటే ఈమధ్యలో మోడల్ ఎక్కువగా బట్టీపట్టింది ఆ చెరువుల సెన్సార్లలోని చిల్లర తేడాలనే. కొత్త చెరువుకి అవి పనికిరావు. 10వ ఎపాక్ దగ్గరి వెయిట్స్‌నే ఉంచుకోవాలి. ఒకట్రెండు ఎపాక్‌లు పైకి ఎగిరితే టెన్షన్ అక్కర్లేదు, డేటా తక్కువైతే గీత అలా ఊగుతుంది. వరసగా పెరుగుతోందా అన్నది చూడండి.

నాకు అసలు భయం రెండు గీతలూ చక్కగా కలిసి దిగినప్పుడే. రీడింగ్‌లన్నీ కలగాపులగం చేసి ట్రైనింగ్‌కీ వ్యాలిడేషన్‌కీ విడగొడితే, ఒకే చెరువులో పది నిమిషాల తేడాతో తీసినవి చెరోవైపు పడతాయి. అప్పుడు వ్యాలిడేషన్ ఎర్రర్ కూడా తగ్గిపోతుంది, ఈ బట్టీపట్టడం, అంటే ఓవర్‌ఫిట్టింగ్, కంటికి కనపడదు. అందుకని కొన్ని చెరువులను పూర్తిగా పక్కన పెట్టి, వాటి మీదే వ్యాలిడేషన్ చేయండి.