హోంవర్కు పుస్తకంలోని పెద్దల చేతిరాత గారికి

మహారాజశ్రీ పెద్దల చేతిరాత గారి సముఖమునకు,

అనంతపురంలో నాలుగో తరగతి క్లాస్ టీచరు రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. తమరి క్షేమం రోజూ పిల్లల పుస్తకాల్లో చూస్తూనే ఉన్నాను గనుక వేరుగా అడగడం లేదు.

దసరా సెలవులు అయిపోయి బడి తెరిచిన రోజు నుంచి మా తరగతిలో హోంవర్కు పద్ధతి మారుతోంది. ఆ సంగతి అమ్మానాయనలకు చెప్పాలి. వాళ్లకని కాగితం పంపితే అది బ్యాగు అడుగున, నలిగిన అరటిపండు కిందికి చేరుతుంది. తమరైతే రాత్రి తొమ్మిది దాటాక తప్పకుండా పుస్తకం తెరుస్తారు. అందుకే తమరికే రాస్తున్నా. చదివి వాళ్లకు వినిపించగలరు.

ముందుగా తమరి అందం గురించి ఒక మాట. ఏడుకు నడుము మీద అడ్డగీత, జవాబు కింద స్కేలు పెట్టి కొట్టిన రెండు గీతలు, అంకెలన్నీ ఒకే వాలు. పేజీ పైన పేరు మాత్రం వంకరటింకరగా ఉంటుంది. అది పిల్లోడు రాసుకున్నది. పాపం, ఆ పేజీలో వాడికి మిగిలిన చోటు అంతే.

పోయిన వారం 503లోంచి 267 తీసివేయమని ఇచ్చాను. తమరు 236 అని రాశారు. తప్పు పట్టడానికేం లేదు, టిక్కు కొట్టాను. మరునాడు అదే లెక్కను అదే పిల్లోడి చేత బోర్డు మీద వేయిస్తే 364 వచ్చింది. ఎట్లా వచ్చిందంటే, మూడులోంచి ఏడు పోదు కాబట్టి ఏడులోంచే మూడు తీసేశాడు. సున్నాలోంచి ఆరు పోదు, ఆరులోంచి సున్నా తీసేశాడు. ఎక్కడైనా పెద్ద అంకెలోంచి చిన్నది తీసేయడమే తీసివేత అని వాడి లెక్క. పైన ఏది ఉందో, కింద ఏది ఉందో వాడికి పట్టింపు లేదు.

తమరు అడుగుపెట్టని ఇల్లు ఒకటుంది. ఆ ఇంటి పిల్ల పుస్తకంలో అదే లెక్కకు 246 అని ఉంది. అదీ తప్పే, కానీ వేరే తప్పు. ఆ పిల్లకు పక్కనుంచి తెచ్చుకోవడం తెలుసు. అయిదు వందల్లోంచి ఒక వంద తెచ్చి పదుల గదిలో పది చేసింది. అందులోంచి ఒకటి తీసి ఒకట్లకు ఇచ్చి పదమూడు చేసుకుంది. ఇచ్చిన సంగతి మాత్రం మరిచిపోయింది. పదుల దగ్గర తొమ్మిది ఉండాల్సింది పదే ఉండిపోయింది. ఆ పిల్లకు నేను కొత్తగా నేర్పాల్సిందేమీ లేదు. 246కు 267 కలిపి చూడమన్నా. 513 వచ్చింది. 'పది ఎక్కువొచ్చిండాది టీచర్' అని తనే చెప్పి తనే దిద్దుకుంది.

364 వేసినోడికి ఆ మందు పనిచేయదు. వాడితో మళ్లీ పుల్లలు కట్టలు కట్టించి, కట్ట విప్పించి, పదులంటే ఏమిటో మొదటి నుంచి చూపించాలి. ఇద్దరి తప్పులూ నా కంట పడితేనే ఎవరికి ఏం చెప్పాలో తెలుస్తుంది. తమరి 236 చూస్తే నాకు తెలిసేది నాయనకు తీసివేతలు వచ్చని. జ్వరం పిల్లోడికొస్తే రక్తపరీక్షకు నాయన చెయ్యి చాపినట్టుంది తమరి సహాయం.

కాబట్టి కొత్త పద్ధతి చిత్తగించండి. సోమవారం నుంచి గురువారం దాకా, రోజుకు అరగంట. మూడు లెక్కలు, తెలుగు వాచకంలో ఒక పేజీ పైకి చదవడం. శుక్ర, శని, ఆదివారాలు ఏమీ లేదు. అరగంట కాగానే, లెక్క సగంలో ఉన్నా ఆపేయాలి. ఒక్క లెక్క దగ్గరే అరగంట గడిచిపోయినా ఫరవాలేదు, ఆ సంగతి నాకు కావాల్సిందే. రబ్బరు వాడకూడదు. తప్పనిపిస్తే దాని మీద ఒక గీత కొట్టి పక్కన మళ్లీ వేయాలి. కొట్టేసిన అంకె నాకు కనబడాలి. హోంవర్కుకు మార్కులు ఉండవు. ఈ ఒక్క ముక్కతో తమరి ఉత్సాహం సగం చల్లారుతుందని నా ఆశ.

'పక్కవీధి స్కూల్లో రోజుకు అయిదు పేజీలు ఇస్తున్నారు, మీరేంది మేడం ఇట్లా' అని తమరి తరఫున అడగబోయే వాళ్లున్నారు. కేంద్ర విద్యాశాఖ 2020లో తెచ్చిన స్కూల్ బ్యాగుల విధానంలో రెండో తరగతి దాకా హోంవర్కే వద్దన్నారు. మూడు నుంచి అయిదో తరగతి వరకు వారానికి రెండు గంటలు దాటకూడదన్నారు. నాలుగు అరగంటలు అంటే సరిగ్గా అంతే. అయిదు పేజీలు ఎవరు నింపుతున్నారో తమరికంటే బాగా ఎవరికి తెలుసు?

ఇక ఇంట్లోవాళ్లు ఏం చేయాలన్నది. లెక్క రావడం లేదని పిల్లోడు ఏడుపు మొహం పెడితే తమరిని పిలవకుండా, నాయన జేబులోంచి అయిదు వందనోట్లు, మూడు రూపాయి బిళ్లలు తీసి వాడి ముందు పెట్టమనండి. అంగట్లో 267 అయింది, సరిగ్గా ఇయ్యి అని అడగమనండి. చేతిలో పదినోట్లు లేవు, చిల్లర చాలదు. ఒక వందను అమ్మ దగ్గర పది పదులుగా మార్చుకోవాలి. అందులో ఒక పదిని పది రూపాయి బిళ్లలుగా మార్చుకోవాలి. ఇప్పుడు వాడి దగ్గర నాలుగు వందలు, తొమ్మిది పదులు, పదమూడు బిళ్లలు ఉన్నాయి. ఆ తొమ్మిది ఎక్కడి నుంచి వచ్చిందో వాడే చూశాడు. తమరైతే దాన్ని సున్నా నెత్తిన చిన్నగా రాసి చక్కా వెళ్లిపోయారు.

ఇంట్లో చదువొచ్చినోళ్లు లేరనే మాట నా దగ్గర చెల్లదు. మా తరగతిలో కొందరి అమ్మానాయనలు బెంగళూరుకు పనికి పోయారు, పిల్లలు అవ్వ దగ్గర ఉన్నారు. అవ్వ బుడ్డలు వొలుచుకుంటానే 'ఎట్ల చేసినావో చెప్పు నాయనా' అంటే చాలు. పిల్లోడు చెబుతూ చెబుతూ ఎక్కడ నీళ్లు నమిలితే అక్కడ పెన్సిలుతో సున్నా చుట్టమనాలి. జవాబు తప్పో ఒప్పో అవ్వకు తెలియకపోయినా ఏం కాదు. తెలియకపోవడమే మేలేమో, చటుక్కున అందించదు. వాచకం పేజీ కూడా అంతే, ఎక్కడ ఆగుతున్నాడో వింటే అర్థమవుతుంది. ఆ చుట్టిన సున్నా ఉంటే మరునాడు పొద్దున నేను నేరుగా అక్కడికే పోతాను.

రాత్రి పదింటికి వాట్సాప్ గ్రూపులో తమరి ఫోటో ఒకటి పడుతుంది. తెల్లారేసరికి తరగతిలో సగం పుస్తకాలు తమరి వాలులోనే ఉంటాయి. దయచేసి ఆ ఫోటోలు దిగడం మానండి. ట్యూషన్ సారు చేతిరాత గారికి కూడా ఇదే మనవి. ఆయన మరీ సంతకం పెట్టినట్టు తెలిసిపోతున్నారు.

తమరికి బొత్తిగా పని లేకుండా చేయను. పేజీ అడుగున మూడు గళ్లు గీయించాను. మొదలుపెట్టిన టైము, ఆపిన టైము, పెద్దల సంతకం. ఆ మూడూ తమరివే. టైము ఉన్నదున్నట్టు రాయాలి. పావుగంటలో మూడు తప్పులు చేసినోడు వేరు, అరగంటలో ఒక్కటి ఒప్పు చేసినోడు వేరు.

503 లెక్క సోమవారం మళ్లీ ఇస్తున్నాను. ఆ రాత్రి తమరు సెలవు పెట్టగలరు.

ఇట్లు,
నాలుగో తరగతి క్లాస్ టీచరు