ఖాళీ గడిని ఖాళీగానే చూపించండి

మరమ్మతు చేసిన ఫిట్టర్లు రాసే జాబ్ కార్డుల కట్ట ముందేసుకుని ఏ యంత్రం, ఏ లోపం, ఏ సామాను, ఎంతసేపు ఆగింది, ఎవరు చేశారు అనే ఐదు సంగతులు ఏరి, ప్లాంట్ హెడ్‌కు నెలవారీ రిలయబిలిటీ రిపోర్టు ఇవ్వడం ఇప్పుడు మన గోదావరి జిల్లాల ఫీడ్ మిల్లులకూ, రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లకూ కొత్తేమీ కాదు. ఆ పని క్లర్కు చేసినా, సాఫ్ట్‌వేర్ చేసినా నా మాట ఒకటే. ఐదు గళ్లూ నిండుగా వచ్చిన రిపోర్టును ప్లాంట్ హెడ్ వెనక్కి పంపాలి. రాత్రి షిఫ్టులో, గ్రీజు చేతులతో, మిషన్ ఎప్పుడు లేస్తుందని నలుగురు నెత్తిన నిలబడి ఉండగా రాసే కార్డులో అన్నీ ఉండవు. ఉన్నాయంటే మధ్యలో ఎవరో నింపారనే అర్థం.

ఉండి, ఆకివీడు వైపు ఏ ఫీడ్ మిల్లులోనైనా కనిపించే తరహా కార్డు ఒకటి తీసుకుందాం. రెండో పెల్లెట్ మిల్లు గురించి అందులో ఇలా ఉందనుకోండి: "పీఎం-2 మోటర్ ట్రిప్. రోలర్ టైటు. ఓపెన్ చేసి బేరింగ్ మార్చాం. ఓకే." ప్రారంభం 6.30, ముగింపు 11.15. సామాన్ల గడిలో బేరింగ్ 2, ఆయిల్ సీల్ 2. కింద ఇద్దరు ఫిట్టర్ల సంతకాలు. దీన్నుంచి ఆగిన సమయం ఎంతని రాస్తారు? నూటికి తొంభై మంది 4 గంటల 45 నిమిషాలని రాస్తారు. కార్డులో ఉన్న రెండు అంకెలనూ తీసివేస్తే వచ్చేది అదే మరి.

ఇప్పుడు అదే రోజు ఆపరేటర్ లాగ్ బుక్ తెరవండి. మిల్లు ఆగింది తెల్లవారుజామున 2.10కి. ఎలక్ట్రీషియన్ వచ్చి ఓవర్‌లోడ్ రిలే రీసెట్ చేశాడు, మళ్లీ ట్రిప్ అయింది. రాత్రి షిఫ్టులో ఫిట్టర్ లేడు. పొద్దున 6.30కి ఫిట్టర్లు వచ్చి మిల్లు విప్పారు. 7.45కి పాత బేరింగ్ బయటికొచ్చింది. కొత్తది స్టోర్స్‌లో ఉంది, స్టోర్స్ తాళం మాత్రం స్టోర్‌కీపర్ దగ్గర ఉంది. ఆయన వచ్చి, ఇండెంటు రాసి, బేరింగ్ చేతికిచ్చేసరికి 9.20. 11.15కి బిగింపు అయిపోయింది. కానీ మిల్లు లోడు మీద ఉండగా ఆగిపోయినప్పుడు డై రంధ్రాల్లో మేత అలాగే గట్టిపడిపోతుంది. మామూలుగా మిల్లు ఆపేటప్పుడు నూనె కలిపిన పిండి తోలి రంధ్రాలు నింపి ఆపుతారు. ఇక్కడ ఆ వ్యవధి దొరకలేదు. డై శుభ్రం చేసి, కండిషనర్‌లో స్టీమ్ పట్టించి, మొదటి పెల్లెట్లు పక్కకు తీసి, పనికొచ్చే మేత సంచిలో పడేసరికి 12.05.

అంటే మిల్లు ఆగింది 9 గంటల 55 నిమిషాలు. గంటకు 4 టన్నులు తీసే మిల్లయితే దాదాపు 40 టన్నుల మేత పోయింది. కార్డు లెక్కన అది 19 టన్నులే. అయితే అసలు విషయం ఆ టన్నుల తేడా కాదు, ఆ సమయం ఎక్కడ పోయిందన్నది. ఫిట్టర్ల కోసం 4 గంటల 20 నిమిషాలు, తాళం కోసం గంటా 35 నిమిషాలు, తిరిగి ఎత్తడానికి 50 నిమిషాలు. ఇద్దరు ఫిట్టర్లు నిజంగా పానా పట్టి పనిచేసింది 3 గంటల 10 నిమిషాలే. కార్డు అంకెతో రిపోర్టు తయారైతే ప్లాంట్ హెడ్‌కు "రోలర్ బేరింగ్ మార్చడానికి ఐదు గంటలు పడుతోంది, ఫిట్టర్లు నెమ్మది" అని కనిపిస్తుంది. సమస్య షిఫ్టు ఏర్పాటులోనూ, తాళంలోనూ ఉందని ఎప్పటికీ కనిపించదు.

ఇదే కార్డును ఎక్సెల్‌లోకి ఎక్కించేటప్పుడు ఇంకో ప్రమాదం ఉంది. బేరింగుకు ఒక వరస, ఆయిల్ సీలుకు ఒక వరస, లేదా ఫిట్టర్‌కు ఒక్కో వరస వేసి, ప్రతి వరసలోనూ ఆగిన సమయం రాస్తారు. నెలాఖరున కింద మొత్తం కొడితే ఒకే స్టాపేజీ రెండుసార్లు, నాలుగుసార్లు పడుతుంది. కార్డుకు ఒకే వరస ఉండాలి, ఆగిన సమయం అందులోనే ఉండాలి. సామాన్లూ మనుషులూ వేరే పట్టికల్లో కార్డు నంబరుతో ముడిపడాలి. నెలలో ఉన్న గంటల కన్నా ఒక మిల్లు ఎక్కువ గంటలు ఆగినట్టు రిపోర్టులో వస్తే, వెతకాల్సిన మొదటి చోటు ఇదే. అర్ధరాత్రి దాటిన కార్డుల్లో దీనికి తిరగబడిన తప్పు వస్తుంది. 11.40కి ఆగి 1.20కి లేచిన మిల్లుకు, తేదీ ఒకటే వేస్తే, సమయం మైనస్‌లో పడుతుంది. అది చూసి కంగారుపడి ఆ కార్డునే తీసేసేవాళ్లున్నారు.

ఖాళీల గురించి నేనింత పట్టుబట్టడానికి కారణం ఉంది. ఆగిన సమయం రాయని కార్డులు లాటరీలో తీసినట్టు ఎక్కడపడితే అక్కడ రావు. పగలు, ఇన్‌చార్జి పక్కనుండగా జరిగిన చిన్న పనికి అన్ని గళ్లూ నిండుతాయి. రాత్రి మొదలై మర్నాటి మధ్యాహ్నం దాకా సాగిన పెద్ద బ్రేక్‌డౌన్‌కే ఖాళీలు ఎక్కువ, ఎందుకంటే మొదలుపెట్టినవాడొకడు, కార్డు రాసినవాడింకొకడు. ఆ కార్డులను లెక్కలోంచి తీసేసి సగటు మరమ్మతు సమయం కడితే, పెద్ద ఆగుళ్లన్నీ జారిపోయి చిన్నవే మిగులుతాయి. సగటు అందంగా తగ్గుతుంది. ఖాళీ గడిలో సగటు అంకె నింపితే ఇంకా ఘోరం, ఆ తప్పు పక్కా లెక్కలా కనబడుతుంది. రిపోర్టులో రాయాల్సింది సూటిగా ఇది: ఇన్ని కార్డుల్లో ఇన్నింటికి ఆగిన సమయం దొరకలేదు, అందులో రాత్రి షిఫ్టువి ఇన్ని. లాగ్ బుక్ చూసి నింపితే లాగ్ బుక్ నుంచి అని, ఇన్‌చార్జిని అడిగి నింపితే అడిగి అని పక్కన రాయాలి.

లోపం గడికి వద్దాం. మన కార్డులో మొదటి మాట "మోటర్ ట్రిప్". తొందరలో ఏరేవాళ్లు దాన్నే లోపంగా తీసుకుంటారు, రిపోర్టులో అది ఎలక్ట్రికల్ కింద పడుతుంది. కానీ ట్రిప్ అనేది ఆపరేటర్ కంటికి కనబడింది. విప్పితే ఫిట్టర్‌కు దొరికింది రోలర్ బేరింగ్ పట్టేయడం. అదెందుకు పట్టేసింది, గ్రీజు లైను పూడిపోయిందా, సీలు పోయి పిండి లోపలికి వెళ్లిందా అన్నది మూడో సంగతి, దాన్ని ఈ కార్డులో ఎవరూ రాయలేదు. చమురు, గ్యాస్ రంగం కోసం రాసిన ఐఎస్‌ఓ 14224 ప్రమాణం కూడా లోపం కనిపించిన తీరును, జరిగిన ప్రక్రియను, మూల కారణాన్ని విడివిడిగా నమోదు చేయమంటుంది. మూడింటినీ ఒకే గడిలో కుక్కితే ఏమవుతుందో చూడండి. నాలుగు వారాల క్రితం అదే మిల్లు మీద ఎలక్ట్రీషియన్ కార్డు: "ఓఎల్ ట్రిప్, రీసెట్, ఓకే." పది రోజుల క్రితం ఇంకో కార్డు: "రోలర్ వేడెక్కుతోంది, గ్యాప్ అడ్జస్ట్ చేశాం." ఇప్పుడు బేరింగ్. రిపోర్టులో ఇవి ఎలక్ట్రికల్ ఒకటి, అడ్జస్ట్‌మెంట్ ఒకటి, మెకానికల్ ఒకటిగా మూడు చోట్ల పడతాయి. వరసగా చదివితే ఒకే బేరింగ్ నెల రోజులుగా చచ్చిపోతోందని తెలుస్తుంది. అందుకే కార్డులోని అసలు వాక్యాన్ని, "ఓకే"తో సహా, అక్షరం మార్చకుండా ప్రతి వరస చివర ఉంచాలి.

యంత్రం పేరు దగ్గరా ఇదే జాగ్రత్త. పీఎం అంటే పెల్లెట్ మిల్లు, పీఎం అంటే ప్రివెంటివ్ మెయింటెనెన్స్ కూడా. "పీఎం 2 చేశాం" అని రాస్తే రెండో మిల్లు బాగుచేశారా, రెండు తనిఖీలు చేశారా? తెలియకపోతే తెలియలేదనే రాయాలి.

ఒక్కో మరమ్మతును అక్కడికక్కడ ముగించి ఫైలు మూసేసే అలవాటు ఈ డెల్టాకు ఎంత ఖరీదు పడిందో కోనసీమవాళ్లకు చెప్పక్కర్లేదు. 2014 జూన్ 27న నగరం గ్రామంలో గ్యాస్ పైపులైను పేలి 20 మందికి పైగా కాలిపోయారు. పొడి గ్యాస్ కోసం వేసిన లైనులో నీరు కలిసిన తడి గ్యాస్ పారడం వల్ల పైపు లోపలి నుంచి తుప్పు తినేసిందని విచారణలో తేలింది. అంతకు ముందే ఆ లైనులో లీకులొచ్చాయి, వచ్చిన చోటల్లా మరమ్మతులు జరిగాయి. ఒక్కో లీకును విడిగా చూస్తే అయిపోయిన పని. అన్నీ కలిపి చదివితే, పైపు మొత్తం లోపలి నుంచి పోతోందన్న కబురు. ఫీడ్ మిల్లు బేరింగుతో ప్రాణాలు పోకపోవచ్చు. ప్రాసెసింగ్ ప్లాంటులో అమ్మోనియా కంప్రెసర్ షాఫ్ట్ సీలు నెలలో మూడోసారి కారిందన్న కార్డు విషయంలో ఆ మాట అనగలమా? మూడు కార్డుల్లోనూ చివర "ఓకే" అనే ఉంటుంది.

ప్లాంట్ హెడ్‌కు ఇవన్నీ చదివే తీరిక లేదని, ఒక్క పేజీ, నాలుగు అంకెలు చాలని వాదించేవాళ్లున్నారు. ఖాళీలు చూపిస్తే మెయింటెనెన్స్ విభాగం పరువు పోతుందని కూడా అంటారు. ఒక్క పేజీ చాలన్నది నిజమే. ఆ పేజీలో నాలుగు అంకెలకు బదులు మూడు అంకెలు, ఒక ఖాళీల లెక్క ఉంటే తీరికేమీ తరిగిపోదు. పరువు సంగతంటారా, కొత్త మిల్లు కొనాలా పాతదాన్నే నడపాలా అని తప్పుడు అంకె చూసి నిర్ణయం తీసుకుంటే పోయేది ప్లాంటు సొమ్ము.

ఇక టెక్నీషియన్ పేరు. ఈ గడిని రిపోర్టులో మనిషి వారీ సగటుగా చూపించడాన్ని నేను పూర్తిగా వ్యతిరేకిస్తాను. ప్లాంటులో అందరికన్నా పనిమంతుడైన ఫిట్టర్‌కే మొండి బ్రేక్‌డౌన్లు అప్పగిస్తారు. కాబట్టి సగటు తీస్తే అతని పేరే అట్టడుగున పడుతుంది. పైగా కార్డు మీద సంతకం పర్మినెంట్ ఉద్యోగిది, మిల్లులో తల దూర్చింది కాంట్రాక్టు కుర్రాడు. ఏ నెలయితే ఆ పట్టిక నోటీసు బోర్డెక్కుతుందో, ఆ మరుసటి నెల నుంచి కార్డుల్లో సమయాలు తగ్గిపోతాయి, బేరింగ్ కాస్తా "అడ్జస్ట్‌మెంట్" అయిపోతుంది, పక్క మిల్లు నుంచి పీకి బిగించిన రోలర్ అసలు కనిపించదు. ఎప్పుడు వేడెక్కింది, గ్రీజు ఏ రంగులో బయటికొచ్చింది, సీలు ఎటు నుంచి తిన్నది అన్నవి ఆ కుర్రాడికే తెలుసు. కాంట్రాక్టరు మారితే అతను వెళ్లిపోతాడు. పేరు రాసుకోవాల్సింది అతన్ని వెళ్లి అడగడానికి. అది మెయింటెనెన్స్ ఇంజనీరు దగ్గరి పట్టికలో ఉంటే చాలు, ప్లాంట్ హెడ్ పేజీకి ఎక్కనక్కర్లేదు.

ఇలా చేస్తే రెండో పెల్లెట్ మిల్లు గురించి ఆ పేజీలో రావాల్సింది ఇంతే: నెల రోజుల్లో మూడు కార్డులు, ఒకే రోలర్. చివరి ఆగుడు 9 గంటల 55 నిమిషాలు, లాగ్ బుక్ ప్రకారం. అందులో చేతిపని 3 గంటల 10 నిమిషాలు, ఫిట్టర్ కోసమూ తాళం కోసమూ 5 గంటల 55 నిమిషాలు. మొదటి రెండు కార్డుల్లో ఆగిన సమయం లేదు. మూల కారణం రాయలేదు, గ్రీజు లైను విప్పి చూడాలి. రాత్రి షిఫ్టుకు ఒక ఫిట్టర్, ఇన్‌చార్జి చేతికి స్టోర్స్ రెండో తాళం కావాలి.