పెరుగు తర్వాత పప్పు

మా పోస్ట్‌డాక్ గారు సోమవారం రాత్రి పదకొండున్నరకి సహరచయితలం ఏడుగురికీ ఒక మెయిల్ పెట్టారు. పేపర్ ఫ్లో బాగుండాలంటే సెక్షన్ల వరస మార్చాలట. ఎవరేది రాయాలో కింద టేబుల్లో ఉందట. ఫ్లో అనేది మర్యాద మాట. మొదటి జర్నల్ వద్దంది, ఇప్పుడు పంపబోయేదాంట్లో మెథడ్స్ చివర వేస్తారు. అసలు సంగతి అదీ.

చివర వేయడం తప్పు కాదు. కోసి అతికిస్తే పనైపోయిందనుకోవడంతోనే వచ్చింది తంటా. మా పేపరు ఉప్పునీటిలో వరి మొలకల గురించి. 14 రోజుల మొలకల్ని 150 మిల్లీమోలార్ ఉప్పు ద్రావణంలో పెట్టామని మెథడ్స్‌లో ఉండేది. ఇప్పుడు ఉపోద్ఘాతం అవగానే రిజల్ట్స్ మొదలవుతుంది. దాని మొదటి వాక్యం: "పైన చెప్పినట్టు ఒత్తిడికి గురిచేసిన మొలకల్లో..." పైన ఏముంది? దేశ ఆహార భద్రత ఉంది. మొలకల వయసు లేదు, ఉప్పు లేదు. రివ్యూయర్ ఆ ఒత్తిడి ఉద్యోగానిదనుకున్నా మనం కాదనలేం. కుండీల ఫొటో నాలుగో బొమ్మగానే ఉంది కానీ, పాఠంలో ఒకటో బొమ్మ కంటే ముందే దాన్ని చూడమంటున్నాం. పెరుగన్నం తిని చెయ్యి కడుక్కుంటున్నవాడి విస్తట్లో పప్పు వడ్డించి, "ఫ్లో కోసమండీ" అన్నట్టుంది.

ఈ అతుకులన్నీ ఎవరు సరిచేస్తారు? టేబుల్ చూడండి. ఉపోద్ఘాతం, డిస్కషన్: పోస్ట్‌డాక్. రిజల్ట్స్: పోస్ట్‌డాక్, "అమ్మాయి ఇచ్చే నోట్స్ ఆధారంగా". మెథడ్స్, సప్లిమెంటరీ, బొమ్మల నంబర్లు, చిన్నచిన్న సవరణలు: అమ్మాయి. సమీక్ష: అందరూ.

ఆ అమ్మాయి మా పీహెచ్‌డీ విద్యార్థిని. ఆ మొలకల్ని మొలిపించింది ఆవిడ, ఆదివారాలు కూడా వచ్చి ద్రావణం మార్చింది ఆవిడ, గ్రాఫులు గీసింది ఆవిడ. రిజల్ట్స్ మాత్రం ఆవిడ నోట్సు! పేపర్లో ఎవరేం చేశారో చెప్పడానికి చాలా జర్నళ్లు పాటించే క్రెడిట్ పట్టికలో 14 పాత్రలుంటాయి. అందులో తొలి ముసాయిదా రాయడం ఒకటి, సమీక్షించి సవరించడం వేరొకటి. కాబట్టి ఈ టేబుల్ పని పంపకం కాదు, పేర్ల పంపకం. రేపు రచయితల వరస దగ్గర "రాసిందంతా నేనే కదా" అనడానికి ఈ రాత్రే సాక్ష్యం తయారైంది. దీన్ని ఫ్లో అనకండి, కబ్జా అంటారు.

ఇలాంటి మెయిల్ ఎలా ఉండాలో రాకెట్ సైన్సేం కాదు. ఏ బొమ్మకి ఎవరు ప్రయోగం చేశారో ఆ పేరా వాళ్లు రాయాలి. అతుకులు చూడటానికి ఒక్క మనిషి, దానికో తేదీ. రచయితల వరస ముందే తేలాలి.

పొద్దున్నకి జవాబులొచ్చాయి. పెద్ద ప్రొఫెసర్ గారు ఎయిర్‌పోర్ట్ నుంచి "బాగుంది" అన్నారు, అటాచ్‌మెంట్ తెరవకుండానే. ఇంకొకాయన కామా ఒకటి తీసేయమన్నారు. అమ్మాయి రాత్రి రెండు గంటలకే పెట్టింది: "సరే సార్, రేపటికి ఇస్తాను."

నేను? "అందరూ"లో ఉన్నాను.