గడువు దాటాక పార్సిల్ ఎవరి మాట వింటుంది?

ఇంట్లో ఎవరూ లేనప్పుడు వచ్చిన పార్సిల్ దగ్గర్లో ఉన్న లాకర్‌కో, పికప్ పాయింట్‌కో వెళ్లిపోతుంది. అక్కడ మన కోసం ఎన్నాళ్లు ఉంటుందో చాలామంది చూసుకోరు. వెనక్కి పోయాక మాత్రం గడువు మరీ తక్కువ ఇచ్చారని కోప్పడతారు. నా దృష్టిలో అసలు తప్పు గడువు తక్కువ కావడం కాదు. ఆ గడువు మొదలైన సంగతి పార్సిల్ తీసుకోవాల్సిన మనిషికి తెలియకపోవడం.

లాకర్‌లో గడువు తక్కువ ఎందుకుంటుందో ముందు చూద్దాం. లాకర్‌లో ఒక్కో అరలో ఒక్కో పార్సిల్ పెడతారు. మనది తీస్తే తప్ప ఇంకొకరిది అందులో పట్టదు. అందుకే అమెజాన్ లాకర్‌లో సాధారణంగా 3 రోజులు, పోలండ్‌లోని ఇన్‌పోస్ట్ లాకర్లలో మామూలుగా 48 గంటలు. అదే అమెరికా పోస్టాఫీసు కౌంటర్‌లో అయితే మామూలు పార్సిల్‌ని 15 రోజుల దాకా ఉంచుతారు, ఎందుకంటే అక్కడ వెనక గదిలో చోటుంటుంది. అంటే ఒకే పార్సిల్ ఆ రోజు డ్రైవర్ ఎక్కడ దించాడన్న దాన్ని బట్టి రెండు రోజులు ఆగవచ్చు, రెండు వారాలూ ఆగవచ్చు. మనం ఎంచుకున్న లాకర్ నిండిపోయి ఉంటే వేరే చోటికి మళ్లిస్తారు, దాంతో గడువు కూడా మారిపోతుంది. పోయినసారి వారం ఉంచారు కదా అన్న ధీమా ఇక్కడ పనికిరాదు.

ఇక గడువు ఎప్పటి నుంచి లెక్క? డ్రైవర్ పార్సిల్‌ని అరలో పెట్టి స్కాన్ చేసిన క్షణం నుంచి. మనం మెసేజ్ చదివిన దగ్గర నుంచి కాదు. లాకర్లలో ఎక్కువగా శని, ఆదివారాలు కూడా లెక్కలోకి వస్తాయి. మనలాంటి కుటుంబాల్లో ఎదురయ్యే చిక్కు సరిగ్గా ఇక్కడే ఉంది, ఎందుకంటే మనం ఒక దేశంలో ఉండి ఇంకో దేశంలో ఉన్నవాళ్ల కోసం ఆర్డర్ చేస్తుంటాం.

ఒక అన్నయ్య చెల్లెలికి పుట్టినరోజు కానుక పంపాడనుకుందాం. అడ్రస్ ఆమెదే ఇచ్చాడు. ఫోన్ నంబరు, ఈమెయిల్ మాత్రం ఖాతాలో ఉన్నవే వెళ్లాయి, అంటే అతనివే. గురువారం మధ్యాహ్నం డ్రైవర్ వచ్చేసరికి ఆమె ఇంట్లో లేదు. సాయంత్రం 4:40కి పార్సిల్‌ని 3 రోజుల గడువున్న లాకర్‌లో పెట్టాడు. మెసేజ్, దాంతోపాటు తలుపు తెరిచే కోడ్ అన్నయ్యకు అర్ధరాత్రి వచ్చాయి. పొద్దున లేచి పైపైన చూసి, వస్తువు చేరిపోయిందనుకున్నాడు. ఆదివారం వచ్చిన రిమైండర్‌ని సోమవారం చెల్లెలికి ఫార్వర్డ్ చేశాడు. ఆమె వెళ్లి కోడ్ కొడితే చెల్లదని స్క్రీన్ మీద వచ్చింది.

ఆ సమయానికి పార్సిల్ ఆ తలుపు వెనకే ఉండి ఉండవచ్చు. గడువు తీరగానే కోడ్ దానంతటదే చచ్చిపోతుంది గానీ, పార్సిల్ కదిలేది డ్రైవర్ మళ్లీ వచ్చి ఆ అర ఖాళీ చేసినప్పుడే. మధ్యలో కొన్ని గంటలు, ఒక్కోసారి ఒక రోజు దొరుకుతుంది. వెంటనే కస్టమర్ సర్వీస్‌కి ఫోన్ చేసి కొత్త కోడ్ పంపగలరా, గడువు పొడిగించగలరా అని అడగడానికి ఉన్న అవకాశం అదొక్కటే. అన్నిచోట్లా ఒప్పుకోరు గానీ అడగడం మానకూడదు. ట్రాకింగ్‌లో సెండర్‌కి రిటర్న్ అని స్కాన్ పడిందంటే మాత్రం అక్కడితో ఆ దారి మూసుకుపోయినట్టే.

ఇక్కడ చాలామందికి మింగుడుపడని విషయం ఒకటుంది. డబ్బు కట్టింది మనమే అయినా, కొరియర్ కంపెనీతో ఒప్పందం పంపినవాడిది, అంటే వస్తువు అమ్మినవాడిది. గడువులోగా అయితే మన కోడ్‌కీ, మన ఐడీ కార్డుకీ విలువ ఉంటుంది. అది దాటాక కొరియర్ ఎక్కువగా వినేది పంపినవాడి మాటే. అందుకని పికప్ పాయింట్‌లో కూర్చున్న మనిషి మీద అరిచి లాభం లేదు, అతనికి ఆ అధికారమే లేదు. ఫోన్ చేయాల్సింది అమ్మినవాళ్లకు. చెల్లెలు చేసినా వాళ్లు ఆర్డర్ వివరాలు చెప్పకపోవచ్చు, ఆర్డర్ అన్నయ్య పేరు మీద ఉంది కాబట్టి అతనే చేయాలి.

అమ్మినవాళ్లు కూడా మామూలుగా అదే పార్సిల్‌ని మళ్లీ పంపరు. అది గోడౌన్‌కి చేరి, అక్కడ స్కాన్ అయ్యాక డబ్బు వెనక్కి ఇస్తారు. కొందరు షిప్పింగ్ ఖర్చు పట్టుకుంటారు. ఆఫర్‌లో కొన్న వస్తువైతే, రీఫండ్ వచ్చేసరికి ఆఫర్ అయిపోయి ఉండవచ్చు. అందుకే రిటర్న్ స్కాన్ కనిపించిన రోజే ట్రాకింగ్ పేజీని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోమంటాను. పార్సిల్ దారిలో తప్పిపోతే, అది మన దగ్గర లేదు, వాళ్ల చేతుల్లోనే ఉంది అని చూపించడానికి మనకున్న ఆధారం అదే.

కొన్నది కాకుండా ఇంట్లోవాళ్లు స్వయంగా పోస్టులో పంపిన పార్సిల్ అయితే కథ వేరు. విదేశానికి పార్సిల్ పంపేటప్పుడు నింపే కస్టమ్స్ ఫారంలో, అందజేయలేకపోతే ఏం చేయాలి అన్న చోట కొన్ని గడులు ఉంటాయి: వెనక్కి పంపాలా, వేరే అడ్రస్‌కి మళ్లించాలా, వదిలేసినట్టు లెక్కేయాలా అని. కౌంటర్ దగ్గర హడావుడిలో ఎవరూ అటు చూడరు. వదిలేసినట్టు అన్న గడిలో టిక్ పడితే గడువు దాటిన పార్సిల్ ఇక తిరిగి రాదు. వెనక్కి పంపాలన్న దాంట్లో పడితే, ఆ తిరుగు ఖర్చు పంపినవాళ్ల నుంచి వసూలు చేయవచ్చు. అమ్మ పంపిన పెట్టెను మనం సకాలంలో తీసుకోకపోతే, దాని ఛార్జీ అమ్మ కట్టాల్సి రావచ్చన్నమాట. పంపేముందే ఆ గడి గురించి ఫోన్‌లో మాట్లాడుకోవాలి.

గడువు లోపలే వెళ్లినా పేరు కలవక వెనక్కి వచ్చేవాళ్లు ఉన్నారు. పార్సిల్ మీద ముద్దుపేరో, పెళ్లికి ముందు పేరో ఉంటే, ఐడీ చూసి ఇచ్చే చోట కౌంటర్ మనిషి కుదరదంటాడు. దాన్ని సరిచేయించుకునేలోగా మిగిలిన రెండు రోజులూ గడిచిపోతాయి. ఆర్డర్‌లో ఐడీలో ఉన్న పేరే ఉండాలి, ఫోన్ నంబరు తీసుకునేవాళ్లదే ఉండాలి. ఊళ్లో ఉండకపోతే వేరొకరిని పంపడానికి ఏం కావాలో మెసేజ్ వచ్చిన రోజే కనుక్కోవాలి. లాకర్‌కి చాలావరకు కోడ్ ఉంటే చాలు, కౌంటర్‌కి మాత్రం కొన్నిచోట్ల రాసిచ్చిన అనుమతి అడుగుతారు.

ఇవన్నీ మనం చేసుకోవాల్సినవి. కంపెనీలు చేయాల్సినవీ ఉన్నాయి, వాటిని గట్టిగా అడగాలంటాను. మొదటి మెసేజ్ మొదటి వరుసలోనే ఆఖరి తేదీ, గంట ఉండాలి, అదీ పార్సిల్ ఉన్న ఊరి టైమ్‌లో. ఇప్పుడు చాలా మెసేజ్‌లలో అది ఎక్కడో లింక్ నొక్కాక గానీ కనిపించదు. ఆర్డర్ చేసేటప్పుడు తీసుకునేవాళ్ల నంబరు విడిగా అడిగి, మెసేజ్ ఇద్దరికీ పంపాలి. ఇక పొడిగింపు. కొన్ని లాకర్ నెట్‌వర్క్‌లలో అదనంగా కొంత కడితే యాప్‌లోనే గడువు పెంచుకోవచ్చు, కాబట్టి ఇది సాధ్యం కాని పనేమీ కాదు. గడువు తీరకముందే ఒక్కసారి, ఒక్క రోజు పెంచుకునే వీలు అన్నిచోట్లా ఉచితంగా ఉండాలి. ఒక అర ఇంకో రోజు నిండి ఉంటే వాళ్లకు నష్టమే, నిజమే. కానీ పార్సిల్‌ని గోడౌన్ దాకా మోసుకెళ్లి, స్కాన్ చేసి, రీఫండ్ ఇవ్వడానికి అయ్యే ఖర్చు కూడా వాళ్లు లెక్కేసుకోవాలి.